సర్క్యులర్‌లో లేని గీత

మార్చి చివరి వారంలో పాతబస్తీ బడిపిల్లల డైరీల్లో మడిచిన కాగితం ఒకటి ఇంటికొస్తుంది. అది లాల్‌దర్వాజాలో తెలుగులో ఉంటుంది, మొఘల్‌పురాలో ఉర్దూలో ఉంటుంది, చాలాచోట్ల ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. విషయం మాత్రం ఒక్కటే: ఫీజు పెరిగింది. ఆ కాగితం పట్టుకుని ఒక తండ్రి బడికి వెళ్లి కరస్పాండెంట్ మేడమ్ ముందు కూర్చుంటే ఏం మాట్లాడుకుంటారో ఇక్కడ రాశాను. ఈ ఇద్దరూ, వాళ్ల బడీ, దాని జమాఖర్చులూ నా కల్పనే. మాటల మధ్య వచ్చే జీవోలూ తీర్పులూ అసలైనవి. తండ్రి లాడ్‌బజార్‌లో గాజుల దుకాణంలో లెక్కలు రాస్తాడు, ఆ బడిలోనే పదో తరగతి దాకా చదివాడు. మేడమ్ ఒకప్పుడు అతనికి లెక్కలు చెప్పింది.

ముందు ఆ కాగితం చదవండి.

తల్లిదండ్రులకు విజ్ఞప్తి. తేది: 24-3-2025. ఉపాధ్యాయుల జీతాలు, భవనం అద్దె, కరెంటు ఛార్జీలు పెరిగినందున, డిజిటల్ తరగతులు ఏర్పాటు చేయనున్నందున 2025-26 విద్యా సంవత్సరానికి ఫీజులను సుమారు 15 శాతం పెంచక తప్పడం లేదు. కొత్త నెల ఫీజులు: నర్సరీ నుంచి యూకేజీ వరకు రూ. 1,150 (పాతది 1,000). 1 నుంచి 5 వరకు రూ. 1,400 (పాతది 1,200). 6 నుంచి 8 వరకు రూ. 1,600 (పాతది 1,400). 9, 10 తరగతులకు రూ. 1,900 (పాతది 1,600). వార్షిక రుసుము రూ. 3,000. పాత బకాయిలతో పాటు వార్షిక రుసుమును ఏప్రిల్ 15లోగా చెల్లించినవారికే సీటు ఖాయం. నెల ఫీజు ప్రతి నెలా 10వ తేదీలోగా కట్టాలి. దాటితే రోజుకు రూ. 10 అపరాధ రుసుము. సహకరించగలరు.

తండ్రి: నమస్తే మేడమ్. కాగితం చూసిన. ఒక్క మాట అడగాలని వచ్చిన.

మేడమ్: రా నాయనా, కూర్చో. ఒక్క మాట అని వచ్చినవాళ్లు ఈ వారంలో చాలామంది అయ్యారు. తగ్గించమనేగా?

తండ్రి: తగ్గించుడు సంగతి తర్వాత. ముందు ఇది 15 శాతం ఎట్ల అయితదో చెప్పండి. నెల ఫీజులన్నిటికీ పక్కన పాతది ఎంతో రాసిన్రు. వార్షిక రుసుం దగ్గర మాత్రం రాయలే. నిరుడు నేను కట్టింది 2,000. ఇప్పుడు 3,000. అది 50 శాతం.

మేడమ్: వెయ్యి రూపాయలేగా బేటా. ఏడాదికి ఒక్కసారి.

తండ్రి: మా బాబు మూడుకు పోతడు. నిరుడు పన్నెండు నెలలకు 14,400, వార్షిక రుసుం 2,000, మొత్తం 16,400. ఇప్పుడు 16,800కు 3,000 కలిపితే 19,800. పెరిగింది 3,400. అంటే ఇరవై శాతం మీదనే. బడి మొత్తానికి లెక్క కట్టినా గంతే వస్తది. మీరు రాసింది 15. ఇగ బిడ్డ సంగతి చూడండి, అయిదు నుంచి ఆరుకు పోతది. 16,400 నుంచి 22,200 అయింది.

మేడమ్: అక్కడ నువ్వు రెండు వేర్వేరు సంగతులు కలిపేశావు. ఆరో తరగతికి వెళ్తే ఫీజు మారుతుందని నీకు ముందే తెలుసు. నేనేమీ పెంచకపోయినా 18,800 కట్టేవాడివి. పెంపు వల్ల నీ మీద పడింది 3,400 మాత్రమే. మిగతా 2,400 తరగతి మారినందుకు. లెక్కలు చెప్పినదాన్ని నేను, నాతోనే ఇట్లా కలగాపులగం చేస్తే ఎట్లా?

తండ్రి: ఒప్పుకుంట. గానీ నా జేబుకు ఆ తేడా తెల్వదు గదా మేడమ్. ఇద్దరికి కలిపి 32,800 కడుతున్నోన్ని 42,000 కట్టాలె. 9,200 ఎక్కువ. మీరు నెల ఫీజులు చూపెట్టి 15 అన్నరు, ఏడాది మొత్తం ఎక్కడా రాయలే. తరగతివారీగా ఏడాదికి ఎంత, నిరుడు ఎంత, ఒక వరుసల రాస్తే చాలు, మాకు లెక్క వస్తది.

మేడమ్: అందరూ అట్లాగే నెల లెక్కనే రాస్తారు. ఈ గల్లీలో రోజు కూలీ చేసేవాళ్లున్నారు. 22,200 అని చదివితే గుండె ఆగినంత పనవుతుంది. 1,600 అంటే నెలకు ఇంత సర్దాలని అర్థమవుతుంది.

(ఆమె చెప్పింది అబద్ధం కాదు. నెల ఫీజు చూసే బడి ఎంచుకునే ఇళ్లు పాతబస్తీలో చాలానే ఉంటాయి. అయినా నెల లెక్కా ఏడాది లెక్కా రెండూ ఒకే కాగితంలో పడతాయి కదా. కాగితం ఖర్చు పెరగదు.)

తండ్రి: సరే, రాసిన కారణాల దగ్గరికి వస్త. జీతాలు, అద్దె, కరెంటు, డిజిటల్. ఏ బడి కాగితం చూసినా ఇవే నాలుగు. ఏది ఎంత పెరిగింది?

మేడమ్: జీతాలు అన్నిటికంటే ముందు. పదహారు మంది టీచర్లు. సగటున 10,500 ఇస్తున్నాను. ఈసారి తలకు వెయ్యి పెంచకపోతే నలుగురు వెళ్లిపోతారు. కరోనా గుర్తుందా? 2020 ఏప్రిల్‌లో సర్కారు జీవో 46 ఇచ్చింది. ఆ ఏడాది ఫీజు పెంచకూడదు, ట్యూషన్ ఫీజు మాత్రమే, అదీ నెలనెలా తీసుకోవాలి. మరుసటి ఏడాదికీ జీవో 75తో అదే కొనసాగించింది. పిల్లలు బడికి రాని ఆ రెండేళ్లలో నెల ఫీజు కట్టినవాళ్లెందరు? మా సైన్స్ టీచర్ కూరగాయలు అమ్మింది. 2021లో ప్రైవేటు టీచర్లకు సర్కారు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తే వరుసలో నిలబడి తెచ్చుకున్నారు. వాళ్లకు నేను ఇంకా తక్కువే ఇస్తున్నాను.

తండ్రి: వాళ్లకు పెంచుడు మీద నాకు కొట్లాట లేదు. ఒకటి అడుగుత, ఏమనుకోకండి. మా దగ్గర పన్నెండు నెలలకు ఫీజు తీసుకుంటున్రు. టీచర్లకు పన్నెండు నెలల జీతం ఇస్తున్రా?

మేడమ్: మే నెలకు సగం ఇస్తాను.

తండ్రి: గదే.

మేడమ్: గదే అంటే? పక్క గల్లీలో మేకు ఏమీ ఇవ్వరు. పది నెలల జీతంతో సరిపెట్టేవాళ్లూ ఉన్నారు.

తండ్రి: వాళ్లను పోల్చి మీరు మంచోళ్లు అనుకోవచ్చు. నేను ఆ సగం గురించే అడుగుతున్న. మే నెల ఫీజు మొత్తం వస్తది, జీతం సగమే పోతది. కాగితంల టీచర్ల జీతాల పేరు మీదనే అడుగుతున్రు.

మేడమ్: మే నెల ఫీజు మొత్తం వస్తుందని నీకెవరు చెప్పారు? ఈ పుస్తకం చూడు. మూడు వందల మంది పిల్లలు. అందరూ కడితే ఏడాదికి 51 లక్షల చిల్లర రావాలి. చేతికొచ్చింది 42 లక్షలు. తండ్రి లేని పిల్లలకూ, మూడో బిడ్డకూ ఇచ్చిన రాయితీలు 4 లక్షల పైన. మిగతా 5 లక్షలు కట్టకుండా పోయినవి. ఏప్రిల్‌లో ఇల్లు మారతారు, జూన్‌లో ఇంకో బడిలో కనిపిస్తారు. అయిదో తరగతికి గురుకులంలో సీటొస్తే బకాయి ఇక్కడే వదిలేసి వెళ్తారు. టీసీ ఆపుదామంటే సర్కారు బడులు టీసీ లేకున్నా చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టమే చెబుతోంది.

తండ్రి: అది పిల్లల కోసం పెట్టిన రూలు, మంచిదే. అంటే 10వ తేదీకి కట్టే నాలాంటోడు కట్టనోని ఫీజు గూడ కడుతున్నడన్నట్టు.

మేడమ్: కొంత నువ్వు, కొంత మా టీచర్లు, కొంత నేను.

తండ్రి: మరి ఆ 5 లక్షల మాట కాగితంల ఎందుకు రాయలే?

మేడమ్: రాస్తే వచ్చే ఏడు అది 10 లక్షలు అవుతుంది. కట్టకపోయినా నడుస్తుందని నా చేతులతో నేనే చాటింపు వేసినట్టు.

(ఇక్కడ నేను మేడమ్ పక్షమే. బకాయిల లెక్క పాలకవర్గం ముందు పెట్టాల్సిందే గానీ ప్రతి పిల్లవాడి డైరీలో పెట్టాల్సింది కాదు. రేపు తరగతిలో ఎవరు కట్టలేదని పిల్లలు ఒకరినొకరు వెతుక్కుంటారు.)

తండ్రి: సరే, అది పక్కన పెడుదాం. మీ దగ్గర 1994 నాటి జీవో ఉంటది. జీవో ఎంఎస్ నంబర్ 1.

మేడమ్: ఉంది. గుర్తింపు రెన్యువల్‌కు వెళ్లినప్పుడల్లా దాన్నే చూపిస్తారు.

తండ్రి: అందుల వసూలైన ఫీజును అయిదు భాగాలు చేసిన్రు. సగం జీతాలకు. 15 శాతం సిబ్బంది పీఎఫ్, గ్రాట్యుటీ, బీమాలకు. 15 బడి నిర్వహణకు. 15 అభివృద్ధికి. యాజమాన్యానికి 5. మీ 42 లక్షలను గట్ల పంచితే జీతాలకు 21 లక్షలు, ఆ మూడు పద్దులకు తలా 6 లక్షల 30 వేలు, మీకు 2 లక్షల 10 వేలు. మీరు పెడుతున్నది ఎట్లుందో దాని పక్కన రాసి చూపెట్టండి. ఇంక ఏ కారణం రాయకున్నా పర్వాలేదు.

మేడమ్: రాస్తా, చూడు. టీచర్లవీ, ఆయా, వాచ్‌మన్, క్లర్క్‌లవీ కలిపి జీతాలు దాదాపు 22 లక్షలు. అంటే సగం దాటాను. ఇప్పుడు నిర్వహణ. జీవో 6 లక్షల 30 వేలు అంటుంది. ఈ భవనం అద్దె నెలకు 60,000, ఏడాదికి 7 లక్షల 20 వేలు. ఒక్క అద్దెతోనే ఆ పద్దు దాటిపోయింది. కరెంటు, నీళ్లు, ఆస్తి పన్ను, సున్నాలు కలిపితే ఇంకో 3 లక్షలు. ఆ జీవోలో అద్దె అనే పద్దే లేదు బేటా. బడి పెట్టేవాడికి సొంత భవనం ఉంటుందన్న ఊహతో రాశారు దాన్ని. పాతబస్తీలో ఎన్ని బడులకు సొంత భవనం ఉంది? ఇళ్లలో నడుస్తున్నాయి. కింద దుకాణం, పైన బడి.

తండ్రి: సిబ్బంది పీఎఫ్?

మేడమ్: మా దగ్గర మొత్తం పంతొమ్మిది మంది.

తండ్రి: ఇరవై అయితే పీఎఫ్ చట్టం వర్తిస్తది.

మేడమ్: (కాసేపు మాట్లాడలేదు.) ఇరవయ్యో మనిషిని పెట్టుకునే స్తోమత లేక పెట్టలేదని చెబితే నమ్ముతావా?

తండ్రి: సగం నమ్ముత.

మేడమ్: గ్రాట్యుటీ మాత్రం పక్కన పెడుతున్నాను, ఏడాదికి లక్షా ఇరవై వేలు. పది మంది ఉన్న సంస్థకు కూడా ఆ చట్టం వర్తిస్తుంది. టీచర్లకూ ఇవ్వాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పాక తప్పించుకోవడానికి దారి లేదు. ఈ వేసవిలో తెలుగు టీచర్ రిటైరవుతోంది, పదిహేనేళ్ల సర్వీసు. ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున, నెలను ఇరవై ఆరు రోజులుగా లెక్కగట్టాలి. 10,500ను 26తో భాగించి, 15తో, మళ్లీ 15తో గుణించు.

తండ్రి: 90,865.

మేడమ్: లెక్కలు మరిచిపోలేదు. ఆ డబ్బు జూన్‌లోగా ఇవ్వాలి.

తండ్రి: ఇదిగో, ఇది కాగితంల రాయాల్సిన కారణం. "పదిహేనేళ్లు చెప్పిన టీచర్‌కు గ్రాట్యుటీ" అని రాస్తే ఏ తండ్రి కాదంటడు? నాకు గూడ ఆమెనే తెలుగు చెప్పింది. మీరు "జీతాలు పెరిగినందున" అని రాసి వదిలేసిన్రు.

మేడమ్: కాగితంలో అవన్నీ రాస్తూ కూర్చుంటే...

తండ్రి: ఇంకో నాలుగు గీతలు ఎక్కువైతయి, గంతే. ఇప్పుడు అసలు సంగతి. పెంచినంక మీకు ఎంత ఎక్కువ వస్తది?

మేడమ్: అందరూ కడితే 10 లక్షల 32 వేలు. రాయితీలు, బకాయిలు నిరుటి లాగే ఉంటాయనుకుంటే చేతికొచ్చేది 8 లక్షల 40 వేలు.

తండ్రి: ఖర్చు ఎంత పెరుగుతది?

మేడమ్: జీతాలకు 2 లక్షలు. అద్దె 60 నుంచి 75 వేలు అవుతుంది, అది 1 లక్షా 80 వేలు. కరెంటు, పన్నులు ఒక 50 వేలు.

తండ్రి: 4 లక్షల 30 వేలు. గ్రాట్యుటీకి పక్కన పెట్టింది ఉన్నది గాబట్టి అది మళ్లా కలపను. ఇంకా 4 లక్షల 10 వేలు మిగిలినయి.

మేడమ్: రెండు గదులకు డిజిటల్ బోర్డులు, 2 లక్షలు. మిగతాది బ్యాంకు అప్పు అసలులోకి. ఇన్నాళ్లూ వడ్డీ కట్టుకుంటూ వచ్చాను, ఈ ఏడు నుంచి అసలు కూడా కట్టాలి.

తండ్రి: ఏ అప్పు?

మేడమ్: మూడో అంతస్తు వేసినప్పుడు తీసుకున్నది. హైస్కూల్ గదులు అక్కడే కదా.

తండ్రి: భవనం ఎవరిది మేడమ్?

మేడమ్: మా మరిదిది. అందరికీ తెలిసిందే.

తండ్రి: అప్పు?

మేడమ్: సొసైటీ పేరు మీద ఉంది. బడి నడిపేది సొసైటీ కాబట్టి.

తండ్రి: అంటే మరిది గారి భవనం మీద మూడో అంతస్తు బడి అప్పుతోని లేసింది. దాని వడ్డీ మా ఫీజుల నుంచి పోయింది, ఇప్పుడు అసలు గూడ పోతది. మూడో అంతస్తు లేసింది గాబట్టి అద్దె 15 వేలు పెరిగింది, అది గూడ మా ఫీజుల నుంచే. అప్పు తీరినంక ఆ అంతస్తు ఎవరిది?

మేడమ్: నువ్వు చెప్పినంత వంకరగా ఏమీ జరగలేదు. ఆయన అద్దె పదకొండేళ్లలో రెండుసార్లే పెంచాడు. బయట వ్యాపారికి ఇస్తే లక్ష వస్తుంది. బడి అని ఉంచాడు.

తండ్రి: ఉంచిండు, కాదనను. మా సేటు దుకాణంల గూడ ఇసొంటిది జరిగింది. కిరాయిదారు సొంత ఖర్చుతోని పైకప్పు వేయించిండు, ఆ ఖర్చు తేరేదాక కిరాయి పెంచొద్దని కాగితం రాసుకున్నరు. అప్పు కడుతుంటే అద్దె పెరగొద్దు, అద్దె పెరిగితే అప్పు ఆయన కట్టాలె. రెండూ మా మీద వేస్తే ఎట్ల?

(సంభాషణ అంతా ఈ ముడి దగ్గరికి రావడానికే నడిచింది. యాజమాన్యానికి 5 శాతం చాలని జీవో చెబితే, ఆ 5 శాతాన్ని ఎవరూ దాటరు. దాటాల్సిన డబ్బు అద్దె రూపంలో, అప్పు వాయిదా రూపంలో, పుస్తకాల కమీషన్ రూపంలో వేరే తలుపు గుండా వెళ్తుంది. మేడమ్ దురాశాపరురాలు కాదు. ఆమె నెలకు తీసుకునేది 33,000. ప్రిన్సిపాల్ పనీ ఆమెదే. కానీ లెక్క ఎక్కడ ముడిపడిందో ఆమె కాగితం చదివితే తెలియదు.)

మేడమ్: నన్నడిగితే, బడికి ఏటా కొంత మిగులు ఉండాలి. టీఎంఏ పాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టే చెప్పింది, విస్తరణకు సమంజసమైన మిగులు ఉంచుకోవచ్చని.

తండ్రి: లాభాపేక్ష వద్దని గూడ అందులనే చెప్పింది. 2004ల మోడర్న్ స్కూల్ కేసుల ఇంకో మాట ఉన్నది. భవనం వంటి మూలధన ఖర్చును ఫీజుల ఒక భాగంగా కలపొద్దు, ఆదా నుంచి పెట్టుకోవాలె.

మేడమ్: అది ఢిల్లీ బడుల నిబంధనల మీద చెప్పిన తీర్పు. మనకు ఆ నిబంధనలు లేవు.

తండ్రి: నిజమే, మనకు లేవు. మనకు ఏమున్నయి? 2009ల జీవో 91తోని జిల్లాకు ఒక ఫీజుల నియంత్రణ కమిటీ అన్నరు, కలెక్టర్ అధ్యక్షుడు. 2017ల తిరుపతిరావు కమిటీ వేసిన్రు, ఏటా 10 శాతం దాక పెంచుకోవచ్చని అది చెప్పింది. ఈ ఏడు మొదట్ల ఆకునూరి మురళి గారి విద్యా కమిషన్ చట్టం ముసాయిదా సర్కారుకు ఇచ్చింది. మా అసోసియేషన్ వాట్సాప్‌ల ఇవన్నీ తిరుగుతుంటయి. ఫీజు కట్టే తేదీ మాత్రం ఏప్రిల్ 15 వచ్చేస్తది.

మేడమ్: చట్టం వచ్చినా ఆంధ్రలో లాగా రాకూడదు. అక్కడ 2021 ఆగస్టులో జీవో 53 ఇచ్చి పంచాయతీల్లో ప్రైమరీకి 10,000, హైస్కూల్‌కు 12,000, కార్పొరేషన్లలో 12,000, 18,000 అని రాష్ట్రమంతా ఒకే గీత గీశారు. అద్దె భవనమా, సొంతమా, టీచర్లకు ఎంత ఇస్తున్నారు, ఏదీ చూడలేదు. హైకోర్టు అదే ఏడు డిసెంబరులో కొట్టేసింది. ఏ బడి ఖర్చు ఆ బడిదే. దాన్ని చూడకుండా అంకె వేస్తే నిలవదు.

తండ్రి: నేను గూడ గదే అంటున్న. మీ బడి ఖర్చు చూసి అంకె వేయమంటున్న. మీ ఖర్చుల మీరు చూపెట్టింది 4 లక్షల 30 వేలు. 42 లక్షల మీద అది పది శాతం చిల్లర. అద్దె పెంపు ఆగితే ఇంకా తగ్గుతది. అప్పుడు డిజిటల్ బోర్డు ఒకటి పెట్టండి, కట్టుకుంటం.

మేడమ్: పది శాతమే పెంచి, జూన్‌లో పాతిక మంది పిల్లలు తగ్గితే? ఈ గల్లీ నుంచి అరకిలోమీటరులో ఎన్ని బడులున్నాయో నీకు తెలుసు. ఇరవై ఏళ్ల కింద టూలీ అని ఒక ఇంగ్లండ్ ప్రొఫెసర్ మనుషులు చార్మినార్, బహదూర్‌పురా, బండ్లగూడ మండలాల్లో గల్లీ గల్లీ తిరిగి లెక్కపెడితే 918 బడులు తేలాయి. వాటిలో ప్రైవేటువే ఎక్కువ, గుర్తింపు లేనివి కూడా కలుపుకుని. ఇప్పుడు ఇంకెన్నో. ఒక్క వంద రూపాయలు ఎక్కువ పెంచితే పిల్లలు ఎదురింటికి పోతారు. నాకు సర్కారు జీవో కంటే ఆ ఎదురింటి బడే పెద్ద పగ్గం.

తండ్రి: చిన్న పిల్లలకు అది నిజం. తొమ్మిదో తరగతి పిల్లను ఎవరు మార్పిస్తరు? పదో తరగతి పరీక్ష ముంగట పెట్టుకొని. మీరు అక్కడే 300 పెంచిన్రు. శాతం చూస్తే అందరికంటే ఎక్కువ వాళ్లకే. నర్సరీకి 150.

మేడమ్: హైస్కూల్ టీచర్ల జీతం ఎక్కువ.

తండ్రి: అయిండొచ్చు. పోలేనోళ్ల మీద ఎక్కువ పడ్డది గూడ నిజమే.

మేడమ్: నువ్వు లాడ్‌బజార్‌లో ఉండి చెడిపోయావురా. బేరం బాగా నేర్చావు.

తండ్రి: తేదీ గురించి గూడ ఒక మాట. ఏప్రిల్ 15 ఎందుకు?

మేడమ్: రంజాన్ అయిపోయిన పక్షం రోజులకు. మీ చేతుల్లో డబ్బు ఆడేది ఈ నెలే. ఏప్రిల్ దాటనిస్తే పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలు. జూన్ 12న బడి తెరిచేనాటికి జేబులు ఖాళీ. జూలైలో బోనాలు. నాకు మే సగం జీతాలు, టీచర్ గ్రాట్యుటీ, అద్దె, అన్నీ బడి లేని రోజుల్లోనే పడతాయి.

తండ్రి: ఆ లెక్క కరెక్టే. మా సేటు గూడ బాకీలు ఇప్పుడే వసూలు చేస్తడు. గానీ మార్చి 24న చెప్పి ఏప్రిల్ 15కు కట్టకుంటే సీటు లేదు అంటే ఇచ్చింది మూడు వారాలే. ఇంకో బడి చూసుకునే టైము గూడ లేదు. పెంచేది జనవరిల చెప్పొచ్చు గదా. మరిది గారు అద్దె పెంచుతనని ఎప్పుడు చెప్పిండు?

మేడమ్: సంక్రాంతికి.

తండ్రి: అప్పుడే మీకు తెలిసింది.

మేడమ్: జనవరిలో చెబితే ఫిబ్రవరి, మార్చి ఫీజులు కట్టకుండానే సగం మంది తప్పుకుంటారు. పాత బకాయి వసూలయ్యాకే కొత్త మాట చెప్పాలి. ఇది బడి నడిపేవాళ్లందరికీ తెలిసిన కిటుకే.

తండ్రి: కట్టేటోనికి, ఎగ్గొట్టేటోనికి ఒకే కిటుకు. సరే. కాగితం మార్చి రాయండి మేడమ్. ఏడాది మొత్తం నిరుడు ఎంత, ఈ ఏడు ఎంత, తరగతివారీగ. 15 శాతం అని తీసేయండి, వార్షిక రుసుం కలిపి ఎంతైతే అంత రాయండి. గ్రాట్యుటీ రాయండి. అద్దె ఎంత, ఎంత పెరిగింది రాయండి. జీవో ప్రకారం పాలకవర్గంల తల్లిదండ్రుల తరఫు మనిషి ఉండాలె. ఎవరున్నరు?

మేడమ్: ఒకాయన పేరు ఉంది రిజిస్టర్‌లో. ఆయన పిల్లలు చదువు అయిపోయి నాలుగేళ్లయింది.

తండ్రి: ఇంకొకర్ని పెట్టండి. నేనే కావాలని లేదు.

మేడమ్: ఏడాది లెక్క రాస్తాను. వార్షిక రుసుము కలిపే రాస్తాను. గ్రాట్యుటీ మాట కూడా రాస్తాను, ఆవిడ కూడా సంతోషిస్తుంది. పాలకవర్గం సంగతి జూన్‌లో చూద్దాం. అద్దె గీత రాయను.

తండ్రి: ఎందుకు?

మేడమ్: మా ఇంటి సంగతి. భవనం ఎవరిది, ఎంత ఇస్తున్నాను అని మూడు వందల ఇళ్లలో చదువుకుంటే రేపు మా మరిది ఇల్లు ఖాళీ చేయమంటాడు. అప్పుడు బడి ఎక్కడ పెట్టుకోవాలి? నీ ఇద్దరు పిల్లలు ఎక్కడికి వెళ్తారు?

తండ్రి: పేరు రాయమనలేదు. అద్దె ఎంతనే రాయమన్న. 75 వేలు అయ్యేది ఉంటే 75 వేలు అని.

మేడమ్: ఆయనతో మాట్లాడాలి. అప్పు తీరేదాకా ఆగమని అడుగుతాను, అదీ నువ్వు చెప్పిన దుకాణం కాగితం మాట చెప్పి. ఒప్పుకుంటాడని మాత్రం అనుకోకు.

తండ్రి: కొత్త కాగితం ఎప్పుడు పంపుతరు?

మేడమ్: పండుగ అయ్యాక, ఏప్రిల్ మొదటి వారంలో.

తండ్రి: అయితే తేదీ గూడ ముందటికి జరగాలె.

మేడమ్: ఏప్రిల్ 22 వేస్తాను. ఆ తర్వాత సెలవులు, ఎవరూ దొరకరు.

తండ్రి: ఏప్రిల్ ఫీజు ఇదిగో, ఇద్దరిది 2,400. రసీదు రాయండి. వార్షిక రుసుం కొత్త కాగితం చూసినంకనే కడుత.

మేడమ్: 22 దాటితే రోజుకు పది రూపాయలు పడుతుంది, ఎవరికైనా సరే.

తండ్రి: నెల ఫీజుకని రాసిన్రు మేడమ్ అది. వార్షిక రుసుంకు అని లేదు. కావాలంటే మళ్లొకసారి చదవండి.